మినపగుళ్లు ఎందుకు ఆగాయి: మా ఖాతాదారులకు

"అమ్మకాలు బాగా పెరిగాయని మీరే చెప్పారు కదండీ, మరి మిల్లుకు డబ్బు కట్టలేక సరుకు రాలేదంటే ఎలా నమ్మమంటారు?"

పోయిన వారం మినపగుళ్లు అందక ఇబ్బంది పడ్డ ఒక టిఫిన్ సెంటర్ యజమాని ఫోన్‌లో అడిగిన మాట ఇది. ఆయనకు ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఖాతా పుస్తకాలు ముందేసుకుని రెండు రాత్రులు కూర్చున్నాక ఇప్పుడు చెప్పగలను. అందరికీ తెలియాల్సిన విషయమే కాబట్టి లెక్కలతో సహా రాస్తున్నాను.

ముందుగా ఒక్క బస్తా సంగతి చూడండి. జూన్ 1న తెనాలి మిల్లు నుంచి మినపగుళ్ల బస్తా విజయవాడలో మా గోడౌన్‌కు వచ్చింది. పదిహేను రోజులు గోడౌన్‌లో ఉండి, 16న ఒక హాస్టల్‌కు వెళ్లింది. మిల్లు నాకిచ్చే గడువు ఇరవై రోజులు, అంటే జూన్ 21న డబ్బు కట్టాలి. హాస్టల్ మాత్రం అరవై రోజులకు, ఆగస్టు 15న ఇచ్చింది. మధ్యలో 55 రోజుల పాటు ఆ బస్తా ఖరీదు నా జేబులోంచి పోయి బయట ఉంది. ఈలోగా హాస్టల్‌లో వంట ఆగదు కదా, జులైలో మళ్లీ సరుకు పంపాను, ఆగస్టు మొదట్లో ఇంకోసారి పంపాను. మొదటి బిల్లు వసూలయ్యేలోపు మూడు బిల్లుల సరుకు వాళ్ల వంటింట్లో ఉంది. ఆ ఖాతాలో నాకు నష్టమేమీ లేదు, ప్రతి బస్తా మీదా లాభమే. ఆ లాభం, అసలు కలిపి కాగితం మీద ఉన్నాయి.

ఇప్పుడు మొత్తం షాపు లెక్క. నిరుడు ఇదే రోజుల్లో నెలకు 9 లక్షలు, అంటే రోజుకు 30 వేల సరుకు అమ్మేవాణ్ణి. మీరంతా సగటున 45 రోజులకు డబ్బు ఇచ్చేవారు. అంటే ఎప్పుడు చూసినా 13.5 లక్షలు మీ దగ్గర ఉండేవి. గోడౌన్‌లో సరుకు 4 లక్షల పైచిలుకు. ఇందులో మిల్లులు నాకు ఉద్దెర ఇచ్చింది ఐదున్నర లక్షలు. అది తీసేస్తే నేను సొంతంగా మోయాల్సింది 12 లక్షలు. నా డబ్బు 6 లక్షలు, సరుకు, బాకీలు చూపించి బ్యాంకు నుంచి వాడుకునే సీసీ అప్పు లిమిట్ 7 లక్షలు. సరిపోయేది, కాస్త మిగిలేది కూడా.

ఈ ఏడు హాస్టళ్లు, క్యాటరింగ్ వాళ్లు కొత్తగా చేరారు. అమ్మకం నెలకు 15 లక్షలు, అంటే రోజుకు 50 వేలు అయింది. పాత పద్ధతిలో 45 రోజులకే డబ్బు వచ్చి ఉంటే, మోయాల్సింది 20 లక్షలు అయ్యేది. అంటే అమ్మకం పెరగడమే ఇంకో 8 లక్షలు అడిగింది. కానీ వసూలు సగటున 60 రోజులకు జారిపోయింది. రోజుకు 50 వేల చొప్పున ఆ పదిహేను రోజుల ఆలస్యం ఇంకో ఏడున్నర లక్షలు మింగింది. మొత్తం దాదాపు 28 లక్షలు కావాలి.

నా దగ్గర ఏముంది? ఖర్చులు, వడ్డీ, ఇంటి ఖర్చు పోగా నెలకు 40 వేలు మిగులుతుంది. ఏడాదికి 4 లక్షల పైన మిగిలింది, అందులోంచి రెండున్నర లక్షలు పెట్టి మే నెలలో ట్రాలీ ఆటో కొన్నాను. అది నేను చేసిన పెద్ద తప్పు. సరుకు మీద తిరగాల్సిన డబ్బు చక్రాల మీద పెట్టాను. వాహన రుణం తీసుకుని నెలనెలా కట్టుకుంటే రొటేషన్ దెబ్బతినేది కాదు. బ్యాంకు సీసీని 10 లక్షలకు పెంచింది, అంతకుమించి పెంచలేదు. బ్యాంకు నిన్నటి రిటర్నులు చూసి లిమిట్ ఇస్తుంది, సరుకు మాత్రం రేపటి ఆర్డర్ కోసం కొనాలి. పైగా నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో 90 రోజులు దాటిన బాకీలను మా బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. అంటే ఎవరైనా మరీ ఆలస్యం చేస్తే, ఆ బాకీ రాకపోవడమే కాదు, దాన్ని చూపించి వాడుకునే డబ్బు కూడా తగ్గుతుంది.

అన్నీ కలిపి దాదాపు పద్దెనిమిది లక్షలు. కావాల్సింది 28. మిగతా పది లక్షలు ఎక్కడినుంచి వచ్చాయో అప్పుడు నేను గమనించలేదు. మిల్లుల దగ్గర్నుంచే వచ్చాయి. ఇరవై రోజులకు కట్టాల్సినవాణ్ణి నలభై రెండు రోజులకు కడుతూ వచ్చాను. ఒక మిల్లు రెండుసార్లు గుర్తుచేసి, మూడోసారి లోడు ఆపేసింది. ఆ మిల్లు యజమాని చేసింది న్యాయమే. చిన్న పరిశ్రమగా నమోదైన మిల్లుకు ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. దాటితే వడ్డీ భారీగా పడుతుంది. నాలాంటి వ్యాపారికి చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ నమోదు ఉన్నా ఆ రక్షణ వర్తించదు, అది బ్యాంకు అప్పుల వరకే పనికొస్తుంది. అందుకే మధ్యలో ఉన్నవాడి మీద రెండు వైపులా ఒత్తిడి.

నేను ముందే పసిగట్టాల్సింది. అమ్మకం ఒకటిన్నర రెట్లు దాటి పెరిగితే, ఉద్దెర ఖాతా రెండు రెట్లకు పైగా పెరిగింది, 13.5 నుంచి 30 లక్షలకు. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ఉంటే జులైలోనే తెలిసేది. నేను మాత్రం అమ్మకం అంకె చూసి సంతోషపడ్డాను.

ఇక ముందు ఇలా చేయబోతున్నాను. అక్టోబర్ 1 నుంచి అందరికీ ఉద్దెర 30 రోజులే. 45 రోజులు దాటిన బాకీ ఉన్నవారికి ఆ బిల్లు కట్టేదాకా కొత్త సరుకు నగదుకే ఇస్తాను. పాత ఖాతాదారులైనా, దగ్గరివారైనా ఇదే లెక్క, దయచేసి అపార్థం చేసుకోవద్దు. వారం లోపు కట్టేవారికి బిల్లులో 1 శాతం తగ్గిస్తాను. ఇది నేనేదో వదులుకోవడం కాదు. 60 రోజులు ఆగడం బదులు 7 రోజులకే డబ్బు వస్తే, 53 రోజుల బ్యాంకు వడ్డీ నాకు మిగులుతుంది, అది 11 శాతం వడ్డీకి ఒకటిన్నర శాతం పైమాటే. టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్ల వాళ్లు రోజూ నగదు చూసేవాళ్లు కాబట్టి వారానికోసారి కట్టడం మీకు వీలవుతుందనుకుంటున్నాను. హాస్టళ్ల వాళ్లకు ఫీజులు వాయిదాల్లో వస్తాయని నాకు తెలుసు. ఇబ్బంది ఉన్నవారు ముందే వచ్చి తేదీలు చెప్పండి, రాసుకుని దాని ప్రకారం సరుకు పంపుతాను.

ముప్పై రోజులకు వసూలైతే, ఇదే 15 లక్షల అమ్మకానికి నేను మోయాల్సింది 13 లక్షల లోపే. నిరుడు 9 లక్షల అమ్మకానికి పట్టినంత డబ్బుతోనే ఇంత సరుకు తిప్పొచ్చన్నమాట. ఇంకో అప్పు తెచ్చే పని కూడా ఉండదు.

మిల్లుకు నిన్న సగం బాకీ కట్టాను. సోమవారం లోడు వస్తోంది. మినపగుళ్లు అందని టిఫిన్ సెంటర్లకు ముందుగా, తర్వాత మిగతావారికి పంపుతాను. తక్కువ పడితే అందరికీ తలా కొంత ఇస్తాను. పోయిన వారం వేరే చోట ఎక్కువ ధరకు కొనుక్కున్నవారు ఆ బిల్లు తీసుకొచ్చి చూపించండి, తేడా మీ ఖాతాలో జమ చేస్తాను.