మీ 3డి ప్రింటర్‌లో మేం మార్చిన బెడ్ కేబుళ్లను ఒకసారి చూసుకోండి

ప్రింటర్‌లో వస్తువు తయారయ్యే వేడి పలకే బెడ్. మా దగ్గర దాని కేబుల్ మార్పించుకున్న ఒకరు ఇలా అడిగారు: “బెడ్ 60 డిగ్రీలకు మామూలుగానే వస్తోంది, ఏ ఎర్రరూ లేదు. కానీ కాలిన ప్లాస్టిక్ వాసన వస్తోంది. వాడుకోవచ్చా?”

వద్దు. ఆపి, ప్లగ్ తీసేయండి.

ఆ 3డి ప్రింటర్‌ను తెప్పించి విప్పాం. బోర్డు మీద బెడ్ తీగలు బిగించే స్క్రూ టెర్మినల్ ఒక పక్క మాడి గోధుమరంగుకు తిరిగింది. తప్పు మాదే. ముందుకూ వెనక్కూ కదిలే బెడ్ కింద పాత కేబుల్ మడతపడి, లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతే కొత్తది వేశాం. పోగులు చెదరకుండా చివరలకు టంకం పెట్టి స్క్రూ కింద బిగించాం. చూడటానికి నీటుగానే ఉంటుంది. టంకం మెత్తటి లోహం. స్క్రూ ఒత్తిడికి నెలల తరబడి మెల్లగా అణిగిపోతుంది, పట్టు వదులవుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది, ఆ వేడికి పట్టు ఇంకా వదులవుతుంది.

బెడ్ వేడెక్కుతుండగా ఆ అతుకుకు అటూ ఇటూ మీటర్ పెడితే 0.6 వోల్టులు చూపింది. బెడ్ తీసుకునే కరెంటు 10 ఆంపియర్లు. అంటే బియ్యపు గింజంత చోట 6 వాట్లు. 24 వోల్టుల్లో 0.6 పోతే బెడ్‌కు అందే శక్తి సుమారు 5 శాతమే తగ్గుతుంది, అందుకే తేడా తెలియలేదు. వేడిని కొలిచే థర్మిస్టర్ బెడ్ కింద ఉంటుంది కనుక, వేడి అదుపు తప్పితే ప్రింటర్‌ను ఆపేసే ఫర్మ్‌వేర్‌లోని థర్మల్ రనవే రక్షణకు కూడా ఈ అతుకు కనబడదు.

మీరు చేయవలసింది: ప్లగ్ తీసి, కాసేపు ఆగి, బోర్డు మూత విప్పండి. బెడ్ తీగలను ఒక్కొక్కటిగా పట్టుకుని మెత్తగా లాగండి. కదిలినా, ప్లాస్టిక్ రంగు మారినా వాడకండి. చివర గొట్టమేదీ లేకుండా, పోగులే వెండి రంగులో గట్టిపడి ఉంటే అది టంకమే. స్క్రూ తిప్పి సరిపెట్టకండి, మళ్లీ వదులవుతుంది. తీగ చివరకు నొక్కి బిగించే చిన్న లోహపు గొట్టం, అంటే ఫెర్రూల్, తొడిగి ఉంటే తీగను కాస్త మెలితిప్పండి. తీగ గొట్టం లోపల తిరుగుతుంటే ఆ నొక్కు, అంటే క్రింపు, సరిగా పడలేదు. రాగి పోగులు గొట్టం కొన దాకా కనబడాలి.

కేబుల్ బెడ్ దగ్గర వంగే చోటును కూడా వేళ్లతో తడమండి. అక్కడ మాత్రమే మెత్తబడి వేలాడితే పోగులు తెగుతున్నట్లు. దీనికి మీటర్‌లో ఓములు చూసి ధైర్యపడవద్దు. సగం పోగులు తెగినా అంకె దాదాపు మారదు. పూర్తిగా తెగబోయే దశలో మాత్రమే, కదిపితే ఎగిరిపడుతుంది.

మేం కేబుల్ మార్చిన ప్రింటర్లన్నిటికీ చివరలు కత్తిరించి, కొత్త ఫెర్రూళ్లు క్రింపు చేసి ఉచితంగా ఇస్తాం. మాడిన టెర్మినల్‌నూ మారుస్తాం, ఎందుకంటే ఒకసారి కాలిన లోహం మళ్లీ గట్టిగా పట్టదు. వోల్టు కొలత మాత్రం ఇంట్లో ప్రయత్నించవద్దు, పక్కనే పవర్ సప్లైలో 230 వోల్టుల స్క్రూలు ఉంటాయి. రావడానికి ముందు ఒక ఫోను చేస్తే చాలు, గంటలో పని అయిపోతుంది.