నీళ్లల్లో నాన్న కుదరలేదు: మా స్టూడియో నుంచి ఒక సంజాయిషీ

"అన్నా, ఫోటోలో నాన్న బాగానే కుదిరాడు. కానీ నీళ్లల్లో చూస్తే మా పక్కన నిలబడినట్టు లేదు. ఏం తేడానో చెప్పలేను గానీ, అమ్మ గోడకు పెట్టొద్దంటా ఉంది. ఎందుకట్టా?"

పోయిన నాన్నను కుటుంబ ఫోటోలో కలిపి ఇమ్మన్న ఇంటివాళ్లు అడిగిన మాట ఇది. తప్పు మాదే. మేం నాన్నగారి బొమ్మను తలకిందులు చేసి పాదాల కింద అతికించాం. నీళ్లు అలా చూపించవు. ఈ సంక్రాంతి నుంచి నీళ్ల పక్కన చేసిన ఫోటోలన్నీ తీసి చూసుకున్నాను. మూడింట్లో ఇదే తప్పు దొర్లింది. ఆ మూడు కుటుంబాలకూ ఫోన్ చేసి చెప్పాను. మిగతా వాళ్లకు కూడా అసలు ఏం జరిగిందో తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు ఆ ఫోటో సంగతి. బుచ్చి దగ్గర వాళ్ల ఊరి గుడి కోనేరు. ఇద్దరు కొడుకులు, కోడలు, అమ్మ ఒక వెడల్పాటి మెట్టు మీద నిలబడ్డారు. కోనేటికి ఆ పక్క మెట్ల మీద నుంచి, మధ్యలో నీళ్లు ఉండేట్టుగా, వాళ్ల బంధువు ఫోటో తీశాడు. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలారు. పోయినేడు చనిపోయిన నాన్నగారిని పాత పెళ్లి ఫోటోలోంచి తీసి అక్కడ నిలబెట్టాలి. మనిషిని నిలబెట్టడం మాకు అలవాటైన పనే. వెలుగు ఎడమ నుంచి వస్తోందని చూసుకున్నాం, పంచె రంగు సరిచేశాం, పాదాల కింద నీడ వేశాం. ఇక నీళ్ల దగ్గరికొచ్చేసరికి మా కుర్రాడు ఫోటోషాప్‌లో Flip Vertical కొట్టి, కాస్త మసక చేసి, పని అయిపోయిందన్నాడు. చూసి సరేనన్నది నేనే.

రెండోసారి ఫోటో ముందేసుకుని కూర్చుంటే అమ్మగారి కంటికి ఏం తగిలిందో నాకు పది నిమిషాలకు దొరికింది. నీళ్లల్లో కొడుకుల పాదాలు కనబడవు. పిక్కల మధ్య నుంచే వాళ్ల ప్రతిబింబం మొదలవుతుంది. నాన్నగారి పాదాలు మాత్రం వేళ్లతో సహా, పై పాదాలకు ఆనుకుని ఉన్నాయి. పక్కపక్కన నిలబడిన ముగ్గురు మగవాళ్లలో ఒక్కరికే నీళ్లల్లో పాదాలుంటే చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా మనసు ఒప్పుకోదు.

కొడుకులకు పాదాలు ఎందుకు లేవంటే, నీళ్లల్లో మనకు కనబడేది పైనున్న బొమ్మకు కాపీ కాదు. కెమెరా నీటికి ఎంత ఎత్తులో ఉందో అంతే లోతులో, నీటి కింద ఇంకో కెమెరా ఉందనుకోండి. అది కింద నుంచి పైకి చూసి తీసిన ఫోటోను తలకిందులు చేస్తే వచ్చేదే ప్రతిబింబం. మేడ కింద రోడ్డు మీద నిలబడి పైకి చూస్తే, అంచుకు వెనగ్గా నిలబడ్డ మనిషి కాళ్లు మనకు కనబడతాయా? నీళ్లల్లో జరిగేదీ అంతే. మెట్టు అంచు అడ్డమొచ్చి కాళ్లను మింగేస్తుంది.

బంధువును అడిగితే లెక్క తేలింది. మెట్టు నీటికి అడుగున్నర పైన ఉంది. ఆయన కూడా అలాంటి మెట్టు మీదే నిలబడి, కంటి దగ్గర పెట్టుకుని తీశాడు కాబట్టి కెమెరా నీటికి సుమారు ఆరున్నర అడుగుల ఎత్తులో ఉంది. మధ్య దూరం 20 అడుగులు. వాళ్లు మెట్టు అంచుకు రెండడుగులు వెనక నిలబడ్డారు. నీటి కింది కెమెరా మెట్టు అంచు కంటే ఎనిమిది అడుగులు కింద, అంచు నుంచి 18 అడుగుల దూరంలో ఉన్నట్టు. అంటే 18 అడుగులకు చూపు ఎనిమిది అడుగులు పైకి లేస్తుంది. అంచు దాటాక ఇంకో రెండడుగులు పోయేసరికి దాదాపు 11 అంగుళాలు లేస్తుంది. పాదం నుంచి ఆ 11 అంగుళాలూ నీళ్లల్లో కనబడవు. కొడుకుల పిక్కలు కోసినట్టు ఆగింది సరిగ్గా అక్కడే. అదే ఐదడుగులు వెనగ్గా నిలబడి ఉంటే మోకాళ్లు కూడా పోయేవి.

ఇంకొకటి, అతికించిన చోటే తప్పు. మడత పడాల్సింది పాదాల దగ్గర కాదు, ఆ మనిషికి నిలువునా కింద నీటి మట్టం దగ్గర. మెట్టు అడుగున్నర ఉంది కాబట్టి ప్రతిబింబంలో పాదాలు ఉండాల్సిన చోటు అసలు పాదాలకు మూడడుగులు కింద. ఫోటోలో పెద్దకొడుకు ఐదున్నర అడుగుల మనిషి, 1100 పిక్సెళ్లు వచ్చాడు. అంటే అడుగుకు 200. నాన్నగారి తలకిందుల బొమ్మను 600 పిక్సెళ్లు కిందికి జరిపి, పాదాల వైపు 180 పిక్సెళ్లు మాస్కుతో దాచేస్తే కొడుకులతో సమానంగా కుదిరింది. నిజానికి ఈ లెక్కలన్నీ లేకపోయినా పక్కనున్న కొడుకు ప్రతిబింబం ఎక్కడ మొదలైందో చూసి అక్కడే కోస్తే సరిపోయేది. మేం ఆ మాత్రం కూడా చూడలేదు, అదీ నా బాధ.

మనవైపు నీడ అన్నా ప్రతిబింబం అన్నా ఒకటే మాట, నీళ్లల్లో నీడ అనే అంటాం. మా కుర్రాడు తడబడింది కూడా అక్కడే. ఎండ ఎడమ నుంచి ఉంది కదా అని నీళ్లల్లో బొమ్మను కూడా కొంచెం కుడికి వాల్చాడు. నీడ ఎండను బట్టి వాలుతుంది. ప్రతిబింబానికి ఎండతో పనిలేదు, ఎప్పుడూ నిలువునా కిందే పడుతుంది.

అసలు కష్టం ముఖం. కింద నుంచి చూసే కెమెరాకు గడ్డం అడుగు, ముక్కు రంధ్రాలు కనబడతాయి, నుదురు కుంచించుకుపోతుంది. ఈ ఫోటోలో తల దగ్గర ఆ చూపు 34 డిగ్రీలు పైకి ఉంది. పెళ్లి ఫోటోలో నాన్నగారు కెమెరాకు ఎదురుగా ఉన్నారు, ఆ ముఖాన్ని ఎంత తిప్పినా గడ్డం అడుగు రాదు. అందుకని వాళ్ల చిన్నాన్నను స్టూడియోకు రమ్మన్నాం. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఒడ్డూ పొడుగూ. అన్నగారి పంచె, చొక్కా కట్టుకుని మా పైఅంతస్తు వరండాలో, అంచుకు రెండడుగులు వెనక నిలబడ్డారు. వరండా రోడ్డుకు పదడుగుల ఎత్తు. నేను ఆయనకు 20 అడుగుల దూరంలో, వీధిలో మోకాళ్ల మీద కూర్చుని, కెమెరా నేల నుంచి రెండడుగుల ఎత్తులో పెట్టాను. అంటే ఆయన పాదాలకు ఎనిమిది అడుగులు కింద, కోనేటి లెక్కే. ఆటోవాళ్లు ఆగి మరీ చూశారు. గ్రిల్ పైపులు తర్వాత చెరిపేశాను. ఆ ఫోటోను తలకిందులు చేసి పెడితే కాళ్లు వాటంతటవే పిక్కల దగ్గర ఆగాయి, మాస్కు కూడా అక్కర్లేకపోయింది.

ముఖం మాత్రం చిన్నాన్నదే. ఆ సంగతి అమ్మగారికి ముందే చెప్పాను. నీటి అలల్లో పోలిక తెలియదు, కానీ చెప్పకుండా పెట్టడం నాకిష్టం లేదు. "మరిదే కదా, ఫరవాలేదు" అన్నారామె.

తర్వాత రంగు. కిందికి సూటిగా చూస్తే నీళ్లు వెలుగులో నూటికి రెండు వంతులే తిప్పి పంపుతాయి. చూపు ఏటవాలయ్యే కొద్దీ అది పెరుగుతుంది. ఈ ఫోటోలో కాళ్ల దగ్గర తొమ్మిది వంతులుంటే, తల దగ్గరికొచ్చేసరికి అందులో సగమే. కాబట్టి ప్రతిబింబం తల వైపుకు పోయే కొద్దీ పలచబడాలి. ముందు మేం కాళ్ల నుంచి తల దాకా ఒకే Opacity పెట్టాం. పైగా నీటికి తన రంగు ఉంటుంది. ఆ కోనేరు పాచి పట్టి పచ్చగా ఉంది. తెల్ల పంచె అందులో బూడిద రంగుకు దిగాలి, నల్లజుట్టు నలుపుగా మిగలకుండా పచ్చగా తేలాలి. ఎక్కడైనా ప్రతిబింబంలోని నలుపు ఆ నీటి సొంత రంగు కంటే ముదురుగా కనబడిందంటే అది అతికించిందే అని గుర్తుపట్టొచ్చు.

అలల కోసం అదే ఫోటోలోని నీటి ముక్కను కోసి, బ్లాక్ అండ్ వైట్ చేసి PSDగా దాచి, Filter > Distort > Displaceలో వాడాను. Horizontal Scale 2, Vertical Scale 8. అలలు ప్రతిబింబాన్ని పక్కలకంటే నిలువునా ఎక్కువ సాగదీస్తాయి, అందుకే ఆ తేడా. సమానంగా పెడితే నీళ్లల్లో మనిషి కాకుండా ముతక గాజు వెనక మనిషిలా ఉంటాడు.

ఇక డబ్బుల మాట. తప్పు జరిగిన మూడు ఫోటోలకూ తీసుకున్నది వెనక్కిచ్చాను, తిరిగి చేసేది ఉచితం. రెండు అయ్యాయి. మూడోది మైపాడు బీచిలో తడి ఇసుక మీద తీసింది, శుక్రవారానికి ఇస్తాను. ఇకమీదట నీళ్ల పక్కన మనిషిని పెట్టాలంటే మామూలు రేటు మీద ఆరువందలు ఎక్కువవుతుంది, వారం పడుతుంది. ఇంట్లో అదే ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి ఒకసారి స్టూడియోకు రావాలి. రాలేకపోతే ప్రతిబింబం అలల్లో బాగా చెదిరిపోయేట్టు చేసిస్తాను, నిలకడగా ఉన్న నీళ్లకైతే ఒప్పుకోను.

ఫోటో తీసేవాళ్లు కింద నీళ్లు తెగిపోకుండా తీయండి. మీరు ఏ ఎత్తు నుంచి తీశారో, వాళ్లు అంచుకు ఎంత వెనగ్గా నిలబడ్డారో గుర్తుంచుకుని చెప్పండి. మనుషులు ఈ ఒడ్డునే ఉండి నీళ్లు వాళ్ల వెనక ఉంటే ఇదంతా అక్కర్లేదు. మీకూ వాళ్లకూ మధ్య నీళ్లు లేనప్పుడు ప్రతిబింబమే కనబడదు, అలాంటి ఫోటోకు పాత రేటే. "అయినా నీళ్లల్లో కూడా వేయండి, బాగుంటుంది" అని కొందరు అడుగుతున్నారు. వేయను.

అద్దం ముందు నిలబెట్టమని రెండు ఆర్డర్లు ఉన్నాయి. అద్దంలో ముఖం కనబడుతుంటే ఇవతల వీపు కనబడాలి. ఆ మనిషి వెనక నుంచి తీసిన ఫోటో ఒక్కటైనా ఉంటే తెండి, లేకపోతే అడ్వాన్సు తీసుకెళ్లండి. ఆదివారం మధ్యాహ్నం దాకా షాపులోనే ఉంటాను.