ఆ "అట" ఉన్న వాక్యాలు కొట్టెయ్

ఒరేయ్ శీనూ,

మీ టీమ్ కుర్రాడి ప్రమోషన్‌కి నిన్ను పీర్ ఫీడ్‌బ్యాక్ రాయమన్నారనీ, రెండు రోజులుగా ఫారమ్ తెరిచి మూస్తున్నావనీ మెసేజ్ పెట్టావు. ఫోన్లో చెబితే సగం జోకుల్లో కొట్టుకుపోతుంది, అందుకే రాస్తున్నాను.

పోయినేడాది నేను మా ఆఫీసు ప్రమోషన్ కమిటీలో కూర్చున్నాను కదా. ఐదుగురం ఉన్నాం, ప్రమోషన్‌కి వచ్చిన అబ్బాయితో కలిసి పనిచేసినవాళ్లం ఒక్కరం లేం. మా ముందున్నవల్లా మేనేజర్ సిఫార్సు, అతను తన గురించి రాసుకున్నది, నలుగురు తోటివాళ్ల ఫారాలు. ఆ నలుగురిలో ముగ్గురు ఒకే మాట రాశారు, "ఒత్తిడి తట్టుకోలేడు" అని. ముగ్గురన్నారంటే నిజమే అనుకుని పక్కన పెట్టేసేవాళ్లమే. మాలో ఒకావిడ మాత్రం "ఎప్పుడు జరిగింది, ఎవరు చూశారు?" అని హెచ్‌ఆర్ చేత అడిగించింది. తీరా చూస్తే ముగ్గురూ చెప్పేది ఒక్క రాత్రి సంగతే. ఆ రిలీజ్ కాల్‌లో ఉన్నది ఒక్కడే, మిగతా ఇద్దరూ మర్నాడు టీ దగ్గర విన్నారు. ఒక్క సంఘటన మాకు మూడై కనబడింది.

ఆ కాల్‌లో ఉన్నవాణ్ణి జరిగింది జరిగినట్టు రాయమంటే ఇలా వచ్చింది: "రాత్రి 11కి రిలీజ్ ఆపమన్నాడు. రోల్‌బ్యాక్ స్క్రిప్ట్ టెస్ట్ చేయలేదన్నాడు. గొంతు పెంచాడు. మేం ఆపలేదు. 12:30కి ఫెయిలైంది, పాత వెర్షన్ తిరిగి పెట్టేసరికి తెల్లవారుజామున 4 అయింది." గొంతు పెంచడం తప్పే, అదీ రాయాల్సిందే. కానీ ఇది చదివాక "తట్టుకోలేడు" అనే మాట నిలబడుతుందా?

నువ్వూ అలాగే రాయి. ఎప్పుడు, ఏ పనిలో, అతను ఏం చేశాడు, దానివల్ల ఏమైంది. రాశాక ప్రతి వాక్యం చివర "అట" పెట్టి చదువు. "ఇంటర్వ్యూలకి వెళ్తున్నాడట", "మేనేజర్‌తో పడదట" అని హాయిగా అతుక్కుపోయిందంటే అది నువ్వు చూసింది కాదు, కొట్టెయ్. పెళ్లి, సెలవులు, ఆరోగ్యం లాంటివి కళ్లారా చూసినా రాయకు, కమిటీకి వాటితో పనిలేదు. "కావాలనే లేటు చేశాడు" అనీ వద్దు. లేటు నీకు కనబడింది గానీ "కావాలని" కనబడలేదు కదా!

పొగడ్తకీ ఇదే లెక్క. "చాలా మంచోడు, కష్టపడతాడు" అంటే మేం ఏం చేసుకోవాలిరా? అతను పైకెళ్లేది లీడ్‌గా కాబట్టి, ఎవరికైనా పని నేర్పడం చూసుంటే అది రాయి. నువ్వు అతనితో చేసింది ఏడు నెలలేనన్నావు, ఆ ముక్క మొదట్లోనే పెట్టు. డిజైన్ పని చూడకపోతే "చూడలేదు" అని రాసెయ్, ఖాళీ పెడితే బాగాలేదేమో అనుకుంటాం.

ఇంకోటి, పేరు బయటపడదన్న ధీమా పెట్టుకోకు. రాసేది నలుగురే, నీ వాక్యం చూస్తే నీదేనని తెలిసిపోతుంది. అతని ముందు చదవగలిగేదే రాయి.

శుక్రవారం ఆఖరన్నావు. గురువారం రాత్రిదాకా ఆగావంటే మళ్లీ "మంచోడు" అనే రాస్తావు, నీ సంగతి నాకు తెలీదా.

నీ
రవి