పుట్టిన బరువొక్కటే చాలదు

సంపాదకుల గారికి,

తిరుపతిలో కమ్యూనిటీ మెడిసిన్ పీజీ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. మొన్న ఒక థీసిస్ ముసాయిదాలో, పుట్టిన బరువు 2.5 కిలోలు దాటితే ‘గర్భంలో రిస్క్ లేదు’ అని రాసేశారు. మనసు ఊరుకోలేదు.

1944-45 డచ్ కరువునే చూడండి. గర్భం చివరి నెలల్లో ఆకలి తగిలిన బిడ్డలు తక్కువ బరువుతో పుట్టారు. తొలి నెలల్లో తగిలి, తర్వాత తల్లికి తిండి దొరికిన బిడ్డల బరువు మామూలుగానే ఉంది. అయినా పెద్దయ్యాక గుండెజబ్బు వాళ్లలోనే ఎక్కువగా కనిపించింది. ఇది కీలక దశ ప్రభావం, అంటే దెబ్బ ఏ దశలో తగిలిందన్నదే ముఖ్యం. రిస్క్ పోగుపడటం ఒక్కటే కారణమైతే, ఎన్ని నెలలన్నదే లెక్కకొచ్చేది, ఏ నెలలన్నది కాదు.

తల్లీబిడ్డల కార్డులో ప్రతి చెకప్‌కూ తల్లి బరువు రాసే గడి ఉంటుంది. పరిశోధన చేసేవాళ్లు దయచేసి దాన్నీ మీ డేటాలోకి ఎక్కించుకోండి.

— ఒక అధ్యాపకురాలు, తిరుపతి