ఒకేలా వినిపించే రెండు మందుల పేర్ల గురించి ఆరోగ్య శాఖ మంత్రి గారికి

గౌరవనీయ రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నేను డి.ఫార్మసీ చదివి, తిరుపతిలోని ఒక ఆసుపత్రి మందుల కౌంటరులో 500 గంటల శిక్షణ పొందుతున్న విద్యార్థినిని. నా చేతి మీదుగా జరిగిన ఒక తప్పు గురించి మీకు రాస్తున్నాను.

శ్రీకాళహస్తి నుంచి ఒక అవ్వ మనవడిని వెంటబెట్టుకుని వచ్చింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, రక్తపోటు ఒక మందుకు లొంగలేదు. డాక్టరు గారు హైడ్రలజిన్ 25 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు అని అదనంగా రాశారు. నేను ఇచ్చింది హైడ్రాక్సిజిన్. అది దురదకు, అలర్జీకి వాడే మందు, మత్తు కలిగిస్తుంది. అక్షర క్రమంలో సర్దిన అలమారాలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

చీటీని రెండోసారి చూసుకున్నాను కూడా. అయినా అనుమానం రాలేదు. నేను ఇచ్చిన మాత్ర కూడా 25 మిల్లీగ్రాములదే, దాన్నీ రోజుకు మూడుసార్లు ఇస్తారు. పైగా మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి దురద మామూలే కాబట్టి జబ్బు పేరు చూసినా తేడా తోచలేదు.

మూడో రోజు మనవడు వచ్చి, "అక్కా, అవ్వ పగలంతా నిద్రపోతోంది, లేస్తే తలనొప్పి అంటోంది" అన్నాడు. కొలిస్తే రక్తపోటు 180/110. మా సీనియర్ ఫార్మసిస్టు మాత్రల షీటు తిప్పి చూసి, మాట్లాడకుండా నా చేతిలో పెట్టారు. వెంటనే డాక్టరు గారికి చెప్పాం. సరైన మందు పడ్డాక కొద్ది రోజుల్లో రక్తపోటు దిగింది. తప్పు నాదేనని అవ్వకు చెప్పాను. "ఇకమీద చూసి ఇవ్వు తల్లీ" అంది, అంతే. ఇదే తప్పు తారుమారుగా జరిగి, దురదతో వచ్చినవారికి హైడ్రలజిన్ వెళ్లి ఉంటే, రక్తపోటు పడిపోయి, గుండె దడతో కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉండేది.

మందుల పేర్లను స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016 నుంచి డాక్టర్లకు నియమం ఉంది. చేతిరాత ఇబ్బందికి అది మంచి మందే. కానీ HYDRALAZINE, HYDROXYZINE అని అన్నీ పెద్ద అక్షరాలే అయితే మొదలూ చివరా ఒకటై, తేడా మధ్యలో దాగిపోతుంది. hydrALAZINE, hydrOXYzine అని తేడా ఉన్న భాగాన్నే పెద్దగా రాసే పద్ధతి కొన్ని దేశాల్లో ఎప్పటినుంచో ఉంది. చూడండి, కన్ను అక్కడే ఆగుతుంది.

ప్రభుత్వ ఆసుపత్రుల అలమారా చీటీల మీద, కంప్యూటర్ తెరల మీద ఇలాంటి జంట పేర్లను ఈ విధంగా రాయించండి. అలాంటి జంటలను వేర్వేరు అరల్లో పెట్టించండి. అన్నిటికన్నా ముఖ్యంగా, మందు పేరు పక్కన "బీపీకి", "దురదకు" అని ఒక్క మాట రాయమని డాక్టర్లను ఆదేశించండి. ఆ చీటీలో ఆ ఒక్క మాట ఉంటే నా చేయి ఆగేది.

ఇప్పుడు ప్రతి షీటూ ఇచ్చే ముందు "ఈ మందు దేనికని చెప్పారు?" అని అడుగుతున్నాను. వరుస పొడవుగా ఉన్నప్పుడు వెనకవాళ్లు విసుక్కుంటారు. అయినా అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక ఫార్మసీ విద్యార్థిని, తిరుపతి