‘రాసేది’ని స్పానిష్‌లోకి తెచ్చేటప్పుడు

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన అనువాదం నిన్న రాత్రి తీరిగ్గా చదివాను. స్పానిష్ చక్కగా సాగుతోంది. కానీ మూలంలో ‘రాసేది, కూర్చునేది, వచ్చేవాడు’ అని ఎక్కడ కనిపించినా నువ్వు గతంలోని అలవాటుకు స్పానిష్ వాడే ఇంపర్ఫెక్ట్ రూపమే వేసుకుంటూ పోయావు. అక్కడే కాస్త ఆగి చూడాలిరా.

చాలాచోట్ల అది సరిపోతుంది, నిజమే. ‘ఆ రోజుల్లో ఆమె డైరీ రాసేది’ అంటే ‘ఎస్క్రిబీయా ఉన్ దియారియో’. ఆ అలవాటు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది అన్న ఊసే లేదు కాబట్టి ఇంపర్ఫెక్ట్.

చిక్కల్లా నీ మూడో పేజీలో ఉంది: ‘నాలుగేళ్ళపాటు ఆమె రోజూ డైరీ రాసేది.’ మనకిది హాయిగా ఉంటుంది. పని మళ్ళీ మళ్ళీ జరిగితే చాలు, మన క్రియకు ఆ కాలం హద్దుతో పనిలేదు. స్పానిష్ క్రియ చూసేది ఆ హద్దునే. నాలుగేళ్ళని కొలిచి చెప్పాక ఆ కాలమంతా మొదలూ చివరా ఉన్న ఒకే ఘటన అయిపోతుంది. అందుకే ‘దురాంతె క్వాత్రో ఆన్యోస్ ఎస్క్రిబ్యో ఎన్ సు దియారియో తోదోస్ లోస్ దీయాస్’ అని, ముగిసిపోయిన పనికి వాడే భూతకాల రూపం ప్రెటరిట్‌లో రాయాలి. ‘రోజూ’ ఉంటే ఇంపర్ఫెక్టేనని మొదటి పాఠాల్లో చెబుతారే, ఇక్కడ మనల్ని పక్కదారి పట్టించేది ఆ సూత్రమే.

అలాగని అంకె కనబడగానే ప్రెటరిట్ అనుకోకు. ‘ప్రతి వేసవిలో రెండు నెలలు అక్కడ గడిపేవాళ్ళు’ చూడు. రెండు నెలలు ఒక్కో వేసవికి కొలత, అలవాటు మొత్తానికి కాదు. ఎన్ని వేసవులో చెప్పలేదు కదా! కాబట్టి ‘పసాబాన్’, ఇంపర్ఫెక్టే. ‘రోజుకు మూడుసార్లు వచ్చేవాడు’ కూడా అంతే, ‘బెనీయా’. మొత్తం మూడుసార్లే అయితే తెలుగే ‘వచ్చాడు’ అంటుంది, అక్కడ రెండు భాషలకూ పేచీ లేదు. కొలత దేన్ని కొలుస్తోందో అడుగు: ఒక్కో విడతనా, అలవాటు మొత్తాన్నా?

ఇప్పుడు ఆ పేరా మిగతాది చూద్దాం. ‘రాత్రి దీపం ముందు కూర్చునేది. చేయి నొప్పెడితే కాసేపు ఆగేది. పెళ్ళయ్యాక మానేసింది.’ మొదటి వాక్యం నాలుగేళ్ళ చుట్టూ గీత గీసేసింది. తర్వాతి రెండూ ఆ గీత లోపల ఏం జరిగేదో చూపిస్తున్నాయి, కాబట్టి ‘సె సెంతాబా’, ‘పరాబా’. చివరిది ఒక్కసారి జరిగి ముగిసింది కాబట్టి ప్రెటరిట్, ‘దెహో దె ఎస్క్రిబీర్’. అన్నీ ప్రెటరిట్‌లో పెడితే ఒక్క రాత్రే కూర్చుని, ఒక్కసారే ఆగినట్టు వినిపిస్తుంది. అన్నీ ఇంపర్ఫెక్ట్ అయితే ‘నాలుగేళ్ళపాటు’ దగ్గర స్పానిష్ పాఠకుడికి పంటికింద రాయి తగులుతుంది.

ఇంకొకటి, ఐదో పేజీలో ‘ముందే తెలిసుంటే రాసేది’ అని ఉంది చూడు, అది అలవాటు కాదు, జరగని పని. ‘లో అబ్రీయా ఎస్క్రీతో’ అని మార్చు. ‘ఉంటే’ పక్కన ఈ రూపం వచ్చినచోటల్లా ఇలాంటిదేమోనని చూసుకో.

మూడో పేజీ దిద్ది మళ్ళీ పంపు, మిగతావి అప్పుడు మాట్లాడుకుందాం.

నీ
మురళి