‘ప్రముఖ’ దొంగలు ఉండరు

సంపాదకులకు నమస్కారం.

‘ప్రముఖ స్మగ్లర్ అరెస్టు’ వంటి శీర్షికలు వార్తల్లో అప్పుడప్పుడూ కనిపిస్తున్నాయి. ‘ప్రముఖ’, ‘సుప్రసిద్ధ’ అనే మాటలు ఫలానా వ్యక్తి చాలామందికి తెలుసని చెప్పి ఊరుకోవు, ఆ పేరు గౌరవంతో వచ్చిందని కూడా సూచిస్తాయి. అందువల్ల నేరం వల్ల పేరు వచ్చినవాడికి ‘అపఖ్యాతి పొందిన’ అనే మాటే తగినది. ‘పేరుమోసిన’ మాత్రం వైద్యుడి పక్కనా, దొంగ పక్కనా ఇముడుతుంది. అక్కడ మెప్పో నిందో తేల్చేది తరువాత వచ్చే నామవాచకమే.

‘పసితనం’, ‘పిల్లచేష్టలు’ అనే జంటలో ప్రమాదం ఇంకా ఎక్కువ. ఒక సభ్యుడు సభలో అందరికీ తెలిసిన నిబంధననే మళ్లీ అడిగాడనుకుందాం. ‘పసివాడి కుతూహలంతో అడిగారు’ అని రాస్తే పాఠకుడు ఆయన నిష్కాపట్యాన్ని మెచ్చుకుంటాడు, ‘పిల్లచేష్టలకు దిగారు’ అని రాస్తే ఆయన సభా సమయాన్ని వృథా చేశాడని నమ్ముతాడు. జరిగింది మాత్రం ఒక్కటే. పట్టుదల, మొండితనం కూడా ఇలాంటివే.

సంపాదకీయంలో ఇటువంటి తీర్పు ఉండవచ్చు, ఉండాలి కూడా. వార్తలో మాత్రం విశేషణం తీసేసి, ఆయన ఏమి అడిగారో, ఎన్నిసార్లు అడిగారో రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు